పేరుకు ట్రేడ్‌మార్క్, మిషన్‌కు పేటెంట్. మరి చీర డిజైన్‌కు?

*ప్రశ్న: మాది చౌటుప్పల్ దగ్గర పల్లె. ఇంట్ల రెండు మగ్గాలున్నయి. ఇక్కత్ పట్టుచీరలు నేసి, పోచంపల్లి అనే మాట కలిపి పెట్టుకున్న పేరు మీద ఇన్‌స్టాగ్రామ్‌ల అమ్ముతున్న. డిజైన్లు నేనే గ్రాఫ్ మీద గీస్త. మా తమ్ముడు చిటికి కట్టేటందుకు, అంటే రంగు అంటకుండ దారానికి ముడులేసేటందుకు, చిన్న మిషన్ తయారు చేస్తున్నడు. కాపీరైట్, ట్రేడ్‌మార్క్, పేటెంట్ అంటరు గదా, వీటిల్ల నాకు ఏది గావాలె? ఇప్పుడైతే ఒక్కదానికే పైసలున్నయి.*

ఒక్కదానికే పైసలుంటే ట్రేడ్‌మార్క్ వేయండి. అయితే ఇప్పుడున్న పేరుకు కాదు, పోచంపల్లి అనే మాట లేని పేరొకటి చూసుకుని దానికి వేయండి. కాపీరైట్‌కు పైసా ఖర్చు లేదు, గ్రాఫ్ మీద గీసిన రోజే అది మీది. తమ్ముడి మిషన్‌కు పేటెంట్ దరఖాస్తు పడేదాకా దాన్ని బయట ఎవరికీ చూపించకండి. ఇక మీరు అడగనిది ఒకటుంది. చీర డిజైన్‌కు ఈ మూడూ సరిగ్గా అతకవు. దానికి డిజైన్ రిజిస్ట్రేషన్ అని నాలుగోది ఉంది, వ్యక్తులకు ప్రభుత్వ ఫీజు వెయ్యి రూపాయలు. మీరు కొత్త డిజైన్ ఏదైనా పోస్టు చేయబోతుంటే ట్రేడ్‌మార్క్ కంటే ముందు దీని గురించే ఆలోచించాలి.

నేను నల్లగొండలో ఈ పనే చేస్తాను. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వైపు నుంచి వచ్చేవాళ్లు, మిర్యాలగూడ రైసు మిల్లులవాళ్లు, ఈ మధ్య మహబూబ్‌నగర్ నుంచి యాప్‌లు చేసే పిల్లలు, అందరూ మీలాగే "ఏది గావాలె" అని అడుగుతారు. పేరును కాపాడేది ట్రేడ్‌మార్క్, రాత, బొమ్మ, పాట, ఫొటో, సాఫ్ట్‌వేర్ కోడ్‌ను కాపాడేది కాపీరైట్, కొత్తగా కనిపెట్టిన వస్తువును లేదా పద్ధతిని కాపాడేది పేటెంట్. ఈ ముక్క ఎక్కడైనా దొరుకుతుంది. దాంతో మీ పని తెమలదు. మీరు తెలుసుకోవాల్సిన తేడా వేరే ఉంది: లోకానికి చూపించిన రోజు ఏమవుతుంది?

కాపీరైట్ ఉన్నదాన్ని పదిమందికి చూపిస్తే పోయేదేమీ లేదు. ట్రేడ్‌మార్క్ పేరును ఎంత వాడితే అంత గట్టిపడుతుంది, రిజిస్ట్రేషన్ రాకముందు నుంచి వాడిన బిల్లులే రేపు సాక్ష్యం. పేటెంట్, డిజైన్ అట్లా కాదు. దరఖాస్తు పడకముందే మీరే బయటపెడితే అది "కొత్తది" కాకుండా పోతుంది. కొత్తది కాకపోతే హక్కు లేదు. ఎవడో దొంగిలించి పెట్టాల్సిన పని లేదు, మీ ఇన్‌స్టాగ్రామ్ పోస్టే చాలు. అందుకే డబ్బు ఎంతుందన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఇంకా ఎవరికీ చూపించనిది మీ దగ్గర ఏముంది?

ఇప్పుడు చీర డిజైన్ సంగతి. ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మీరు గ్రాఫ్ కాగితం మీద గడులు నింపుతూ గీసిన బొమ్మ చట్టం దృష్టిలో కళాకృతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీ జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు దాని మీద హక్కు ఉంటుంది. వినడానికి బాగుంది. కానీ అదే చట్టంలో 15వ సెక్షన్ అని ఒకటుంది. డిజైన్ల చట్టం కింద రిజిస్టరు చేసుకోదగ్గ డిజైన్‌ను మీరు రిజిస్టరు చేసుకోకుండా, దాన్ని వస్తువు మీద వేసి పారిశ్రామిక పద్ధతిలో యాభై సార్లకు మించి తయారు చేస్తే, ఆ డిజైన్‌లో కాపీరైట్ పోతుంది. యాభై ఒకటో చీర దిగిన రోజు పోతుంది. ఎవరూ నోటీసు పంపరు, ఎక్కడా ప్రకటన రాదు.

"మాది చేనేత గదా సార్, పరిశ్రమ ఎట్లయితది?" అని చాలామంది అడుగుతారు. వాదించడానికి అవకాశం ఉన్న మాటే. కాకపోతే 2000 నాటి డిజైన్ల చట్టం డిజైన్‌ను నిర్వచించేటప్పుడు పారిశ్రామిక పద్ధతి చేత్తో చేసేదైనా, యంత్రంతో చేసేదైనా, రసాయనంతో చేసేదైనా సరే అని స్పష్టంగా రాసింది. అవతలి వకీలు మొదట చదివేది ఆ వాక్యమే. ఈ వాదన మీద ఇల్లు కట్టుకోవద్దు.

కోర్టుల్లో ఇది ఎట్లా నడిచిందో రెండు కేసులు చూస్తే అర్థమవుతుంది. రెండూ బట్టల కేసులే, రెండూ ఢిల్లీ హైకోర్టువే. 2008లో తహిలియానీ డిజైన్స్ కేసులో, ఆ డిజైన్‌తో తయారైన దుస్తులు యాభై దాటలేదు కాబట్టి కాపీరైట్ నిలబడింది. 2016లో రితికా ప్రైవేట్ లిమిటెడ్, బీబా సంస్థల మధ్య కేసులో డిజైన్లు రిజిస్టరు కాలేదు, తయారైనవి యాభై దాటాయి. కాపీరైట్ ఆధారంగా వేసిన ఆ దావా నిలబడలేదు. గీసింది ఎవరు, కాపీ కొట్టిందెవరు అన్న చర్చ దాకా పోకముందే లెక్క దగ్గర తేలిపోయింది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా క్రయోగ్యాస్, ఐనాక్స్ కేసులో ఈ 15వ సెక్షన్‌ను ఎట్లా చదవాలో చెప్పింది. అక్కడ గొడవ గ్యాసు ట్రెయిలర్ల డ్రాయింగుల గురించి. మీకు పనికొచ్చేది ఏమిటంటే, ఇది శుద్ధ కళాకృతా, వస్తువు మీద వేసిన డిజైనా అనేది ముందు తేల్చాలని, ఆ వస్తువు ప్రధానంగా చేసే పని ఏమిటో కూడా చూడాలని కోర్టు అన్నది.

మీ ఇంటి లెక్కకు వద్దాం. ఒక పడుగు మీద మామూలుగా ఏడెనిమిది చీరలు దిగుతాయి. ఒకే డిజైన్‌ను రెండు పడుగులు వేశారనుకుందాం, పద్నాలుగు నుంచి పదహారు చీరలు. తర్వాత మీరే విసుగొచ్చి డిజైన్ మారుస్తారు. అంటే రెండు మగ్గాల ఇంట్లో చాలా డిజైన్లు యాభై దాటనే దాటవు, వాటిలో కాపీరైట్ బతికే ఉంటుంది. వాటికి రిజిస్ట్రేషన్ ఖర్చు పెట్టుకోనక్కర్లేదు. ఈ మాట ఏజెంట్లు సాధారణంగా చెప్పరు, ఎందుకంటే చెబితే ఫీజు రాదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, డిజైన్ నడిచినప్పుడు. ఒక చీర బాగా పోతుంది, ఆర్డర్లు పెరుగుతాయి, మీ రెండు మగ్గాలు చాలక గ్రాఫ్ తీసుకెళ్లి పక్క ఊళ్లో నాలుగు మగ్గాలకు ఇస్తారు. మీ అనుమతితో వాళ్లు నేసినవి కూడా ఆ యాభైలో కలుస్తాయి. ఆరు మగ్గాల మీద తలా ఒక పడుగు పడితే నలభై రెండు నుంచి నలభై ఎనిమిది చీరలు. ఇంకో పడుగు మొదలైతే గీత దాటినట్టే. మీకు తెలియకుండా కాపీ కొట్టినవాడు నేసినవి మాత్రం మీ లెక్కలో రావు. రంగు మార్చాను కాబట్టి లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుందని కూడా అనుకోవద్దు. అదే గ్రాఫ్, అదే అల్లిక అయితే జడ్జిగారు అదే డిజైన్ అంటారని అనుకునే ముందుకు పోవాలి.

నా దగ్గరకు వచ్చిన ఒకాయన సంగతి చెబుతాను, పేరు వద్దు. పుట్టపాక వైపు మాస్టర్ వీవర్. ఆయన డిజైన్‌ను అచ్చంగా పాలిస్టర్ మీద ప్రింటు కొట్టించి హైదరాబాద్‌లో ఒక దుకాణం పదో వంతు ధరకు అమ్ముతోంది. ఆయన పట్టుకొచ్చిన సంచిలో మూడు వస్తువులున్నాయి: అసలు చీర, ప్రింటు చీర, అంచులు నలిగిపోయి పసుపు మరకలు పడ్డ గ్రాఫ్ కాగితం. పక్కపక్కన పరిస్తే కొంగులో ఒక ఏనుగు తొండం దగ్గర గడి ఒకటి తప్పి ఉంది. కట్టు కట్టేటప్పుడు జరిగిన పొరపాటు అది. ప్రింటు చీరలో కూడా అదే ఏనుగుకు, అదే చోట, ఆ గడి తప్పే ఉంది. కాపీ అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కానీ ఎన్ని చీరలు నేయించారని అడిగితే, "లెక్క ఏం లేదు సార్, మూడేండ్ల సంది నడుస్తున్నది, మూడు వందలు దాటినయేమో" అన్నాడు. రిజిస్ట్రేషన్ చేయించలేదు. ఇప్పుడు చేయిద్దామంటే మూడేళ్లుగా బజార్లో ఉన్నది కొత్తది కాదు. కాపీరైట్ దారి మూసుకుపోయింది, డిజైన్ దారి తెరుచుకోదు. చివరికి మాకు దొరికింది వేరే పట్టు. ఆ దుకాణం ప్రింటు చీర మీద పోచంపల్లి ఇక్కత్ అని చీటీ వేసింది. అది భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ, ఉన్న పేరు, ఆ ప్రాంతంలో నేసిన బట్టకే వాడాలి. ఆ చీటీ మీద నోటీసు పంపితే చీటీ తీసేశారు. బొమ్మ మాత్రం ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు.

కాబట్టి మీరు చేయాల్సింది: ఎక్కువ మగ్గాలకు ఇవ్వాలనుకున్న డిజైన్‌ను మాత్రమే రిజిస్టరు చేయించండి, పోస్టు పెట్టకముందే. ఏది నడుస్తుందో అమ్మితే గాని తెలియదు, అమ్మాలంటే చూపించాలి, చూపిస్తే హక్కు పోతుంది. ఈ పీటముడి నిజమే. చట్టం దీనికి చిన్న వెసులుబాటు ఇచ్చింది, అదీ ప్రత్యేకంగా బట్టల డిజైన్‌కు. డిజైన్ల చట్టం 16వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరు చేయబోతున్న కొత్త టెక్స్‌టైల్ డిజైన్‌కు మొదటి ఆర్డరును రహస్యంగా తీసుకుంటే, దాన్ని బయటపెట్టినట్టు లెక్కించరు. నమ్మకం మీద ఒకరికి చూపించినా అంతే. కాబట్టి కొత్త డిజైన్‌ను ముందు ఒక బొటిక్ యజమానికి చూపించి, "ఇది ఇంకా రిజిస్టరు కాలేదు, మీరు ఎవరికీ చూపించొద్దు" అని వాట్సాప్‌లో రాసి, ఆమె సరే అన్న జవాబు దాచుకోండి. ఆమె ఆర్డరు ఇస్తే నడిచే డిజైనని కొంత తెలుస్తుంది. అప్పుడు దరఖాస్తు వేయండి. దరఖాస్తు పడ్డ తేదీ నుంచే హక్కు లెక్క కాబట్టి సర్టిఫికెట్ కోసం ఆగక్కర్లేదు, మర్నాడే పోస్టు పెట్టుకోవచ్చు.

దరఖాస్తులో పెద్ద రాత పని ఉండదు. చీర ఫొటోలు శుభ్రంగా, నీడలు లేకుండా, చుట్టూ పూలకుండీలు, మోడళ్లు లేకుండా తీయాలి. మొత్తం చీర, కొంగు, అంచు, ఒడలు విడివిడిగా కనిపించాలి. కొత్తదనం ఈ చీర ఉపరితలం మీది అల్లికలో ఉందని ఒక వాక్యం రాయాలి. రిజిస్టరైతే పదేళ్లు, తర్వాత ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు, ఆపైన లేదు. ఇంకో సంగతి, రిజిస్టరు చేసిన డిజైన్‌కు కాపీరైట్ చట్టం రక్షణ ఉండదు. అంటే పదిహేనేళ్ల గట్టి హక్కు కావాలా, యాభై లోపే నేసి జీవితకాలం కాపీరైట్ ఉంచుకోవాలా అనేది మీరే తేల్చుకోవాలి. పెళ్లిళ్ల కోసం తలా ఐదారు చీరలే నేసే ఖరీదైన డిజైన్లయితే నేను రెండోదే చెబుతాను.

డిజైన్ రిజిస్ట్రేషన్‌కు ఉన్న హద్దు కూడా చెప్పాలి. చిలుక, ఏనుగు, వజ్రం, గుడి గోపురం, తేలియా రుమాలు గడులు, ఇవి తాతల నాటివి. వాటిని విడిగా మీవి అనలేరు. మీరు వాటిని కూర్చిన తీరు మొత్తంగా కొత్తదైతేనే నిలుస్తుంది. అందుకే నోటీసు అందుకున్నవాడు మొట్టమొదట చేసే పని పాత చీరలు, పాత పోస్టులు వెతకడం. దరఖాస్తు తేదీ కంటే ముందు మీరు పెట్టిన స్టేటస్ స్క్రీన్‌షాట్ దొరికితే, దాన్నే పట్టుకుని రిజిస్ట్రేషన్ రద్దు చేయమని అడుగుతాడు. ఇంకోటి, ఇందులో పోలీసు కేసు ఉండదు, అంతా సివిల్ దావానే. ఉల్లంఘనకు పాతిక వేల దాకా, ఒక డిజైన్ మీద మొత్తం యాభై వేలు మించకుండా వసూలు చేసుకునే దారి ఒకటి, నష్టపరిహారం కోరి నిలుపుదల ఉత్తర్వు తెచ్చుకునే దారి ఇంకొకటి. నా అనుభవంలో చిన్నవాళ్లకు దీని అసలు ఉపయోగం కోర్టు బయటే. ఆన్‌లైన్ అమ్మకం సైటుకు సర్టిఫికెట్ నంబరుతో ఫిర్యాదు పెడితే పలుకుబడి ఉంటుంది, వట్టి "నా డిజైన్" అంటే ఉండదు.

ఒక నోటుబుక్కు పెట్టండి. డిజైన్‌కు నంబరు, గ్రాఫ్ గీసిన తేదీ, ఏ మగ్గం మీద ఎప్పుడు పడుగు ఎక్కింది, ఎన్ని చీరలు దిగాయి, మొదటిసారి ఎవరికి చూపించారు. గ్రాఫ్ కాగితాలు పారేయకండి.

ఇక పేరు సంగతి.

పోచంపల్లి ఊరి పేరు. ఆ బట్ట ఎక్కడిదో చెప్పే పేరును ఒక్కరికే రాసివ్వడానికి ట్రేడ్‌మార్క్ చట్టం 9వ సెక్షన్ సాధారణంగా ఒప్పుకోదు. పైగా పోచంపల్లి ఇక్కత్ భౌగోళిక గుర్తింపు కింద నమోదైన పేరు, అది అక్కడి నేతగాళ్లందరిదీ. జీఐ రిజిస్టరులో చూపిన పరిధిలో మీ ఊరుంటే, మీరు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు చేయించుకుని ఆ గుర్తును చీర మీద వాడుకోవచ్చు. చేయించుకోండి కూడా, అది మీ చీరకు విలువ. కానీ మీ దుకాణం పేరు వేరుగా ఉండాలి. ఇక్కత్, చిటికి, మగ్గం, సిల్క్స్ లాంటి మాటలతో కట్టిన పేర్లకూ ఇదే తిప్పలు. అవి సరుకును వర్ణించే మాటలు, ఎవరైనా వాడుకుంటారు. చీరతో సంబంధం లేని మాట, లేదా మీరే పుట్టించిన మాట అయితే గట్టిగా నిలుస్తుంది. కొనేవాళ్లకు మొదట్లో అర్థం కాదని మీకు అనిపిస్తుంది. అర్థం కాని పేరే రిజిస్ట్రీలో సులువుగా పోతుంది.

పేరు అనుకున్నాక `ipindia.gov.in`లో ట్రేడ్‌మార్క్ పబ్లిక్ సెర్చ్ ఉచితం. స్పెల్లింగ్ ఒక్కటే కాదు, పలికినప్పుడు ఒకేలా వినిపించేవి కూడా వెతకండి. చీరలు 25వ తరగతి, తాను బట్ట 24, దుకాణం లేదా ఆన్‌లైన్ అమ్మకం 35. ఒక్కదానికే డబ్బుంటే 25 తీసుకోండి. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో వేస్తే తరగతికి 4,500 రూపాయలు. ఉద్యమ్ నమోదు ఉన్న చిన్న సంస్థకూ, గుర్తింపు పొందిన స్టార్టప్‌కూ అంతే, మిగతా కంపెనీలకు 9,000. లోగో కంటే ముందు అక్షరాల పేరుకు వేయండి. లోగో రెండేళ్లకోసారి మారుతుంది, అక్షరాల మీద హక్కుంటే ఏ రంగులో రాసినా, ఏ అచ్చులో రాసినా మీదే. పదేళ్లకోసారి రెన్యువల్ చేస్తూ పోతే ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు. ఈ నాలుగింట్లో తరతరాలకు నిలిచేది ఇదొక్కటే. అందుకే ఒక్కదానికే పైసలున్నాయంటే దీన్నే చెప్పాను.

దరఖాస్తు వేయగానే పేరు పక్కన టీఎం అని పెట్టుకోవచ్చు. వలయంలో ఆర్ గుర్తు మాత్రం సర్టిఫికెట్ వచ్చాకే. ముందే పెడితే నేరం.

లోగో అన్నాను కాబట్టి, కాపీరైట్ నిజంగా అవసరపడే చోటు చెప్పాలి. మిర్యాలగూడ మిల్లు ఒకటి బియ్యం బస్తా మీద వేయడానికి డీటీపీ చేసే అబ్బాయితో బొమ్మ గీయించుకుంది. ఆరు నెలలకు అదే బొమ్మ, వరికంకి ఒక్కటి అటు తిప్పి, వేరే మిల్లు బస్తా మీద కనిపించింది. అబ్బాయిని అడిగితే, "నేను గీసిందే గద సార్" అన్నాడు. అతని మాటలో బలం ఉంది. జీతం మీద పనిచేసే ఉద్యోగి గీస్తే హక్కు యజమానిది. డబ్బిచ్చి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు, హక్కు డబ్బిచ్చినవాళ్లది. బయటివాడితో లోగో గీయించుకుంటే మాత్రం, డబ్బిచ్చినంత మాత్రాన హక్కు మీకు వచ్చిందని నమ్మలేం. రాతపూర్వకంగా, సంతకంతో బదిలీ చేయించుకోవాలి. ఆ కాగితంలో ఎన్నేళ్లకని రాయకపోతే చట్టం ఐదేళ్లే అనుకుంటుంది, ఎక్కడెక్కడికని రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. కాబట్టి "కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా" అని రాయించండి. ఏడాదిలోపు వాడకపోతే హక్కు వెనక్కి పోతుందనే నిబంధన మీకు వర్తించదని కూడా ఒక ముక్క రాయించండి. ఒక పేజీ చాలు.

మీ చీరల ఫొటోలను, మీరు రాసిన వివరాలను ఎవరైనా ఎత్తుకుపోయి వాళ్ల పేజీలో పెడితే కాపీరైట్ ఫిర్యాదు నేరుగా పెట్టండి. దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, తేదీతో ఉన్న అసలు ఫొటో ఫైలు చాలు. కాపీరైట్ రిజిస్ట్రేషన్ అనేది ఐచ్ఛికం, సాక్ష్యంగా పనికొస్తుంది. సరుకు మీద వాడే బొమ్మకు 2,000 రూపాయలు, మామూలు రచనకు 500. మీకు ఇప్పుడు అవసరం లేదు.

తమ్ముడి మిషన్‌కు వస్తే, మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తల్లి చేతి నొప్పి చూడలేక ఆసు పోసే, అంటే చిటికి కట్టే ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే యంత్రం చేశారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2011లో దానికి పేటెంట్ వచ్చింది, 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మీ తమ్ముడిది ఆసు కాదు, చిటికి కట్టడం కాబట్టి పని వేరు. అయినా ఆ పేటెంట్‌ను, ఇట్లాంటి మిగతావాటిని ఉచితంగా వెతికి చదవమనండి. పేటెంట్‌లో ఏది కొత్తదో క్లెయిముల్లో రాసి ఉంటుంది, అది చదివితే మీవాడి మిషన్‌లో మిగిలిన కొత్తదనం ఏమిటో తెలుస్తుంది. తెలిసిన మోటారు, తెలిసిన గేరు, తెలిసిన చుట్టడం తెచ్చి పక్కపక్కన పెట్టి, దేని పని అది చేస్తుంటే పేటెంట్ చట్టం 3వ సెక్షన్ కింద పేటెంట్ రాదు. అవి కలిసి ఇంతకుముందు లేని ఫలితం ఇవ్వాలి. రబ్బరు కట్టు బిగువు ప్రతి ముడికీ ఒకేలా ఉండేట్టు ఏదైనా ఉపాయం చేశాడా? రంగు లోపలికి పాకకుండా ఆపగలుగుతోందా? ఉంటే అసలు సరుకు అదే, దాని చుట్టూ రాయాలి.

మిషన్ ఇంకా పూర్తి కాలేదంటున్నారు. అట్లాంటప్పుడు ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు వేయొచ్చు, వ్యక్తులకు ఆన్‌లైన్‌లో 1,600 రూపాయలు. ఆ తేదీ మీది అవుతుంది. పన్నెండు నెలల్లోపు పూర్తి వివరణ దాఖలు చేయాలి, చేయకపోతే దరఖాస్తు పోతుంది. దాన్ని పేటెంట్ ఆఫీసు పరీక్షించాలని కోరుతూ ఇంకో దరఖాస్తు 31 నెలల్లోపు, దానికి 4,000. మొదట్లో కట్టే ప్రభుత్వ ఫీజులు ఇవే, మోయలేనివి కావు. వివరణ రాసే ఏజెంటు ఫీజే దీనికి ఎన్నో రెట్లు. స్టార్టప్‌గా గుర్తింపు తెచ్చుకుంటే కేంద్రం పథకం కింద దరఖాస్తు రాసిపెట్టే ఫెసిలిటేటర్ ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది, మీరు దరఖాస్తు ఫీజు కట్టుకుంటే సరిపోతుంది. పేటెంట్ వస్తే దరఖాస్తు తేదీ నుంచి ఇరవై ఏళ్లు.

దరఖాస్తు పడేలోపు కాలేజీ ఫెస్టులో పెట్టడం, యూట్యూబ్ వీడియో, పేపర్ విలేకరికి ఇంటర్వ్యూ, ఇవేవీ వద్దు. మనవాళ్లకు ఏదైనా చేయగానే లోకల్ పేపర్లో ఫొటో రావాలని ఉంటుంది. ఆ కట్టింగే తర్వాత పేటెంట్ ఆఫీసులో అడ్డం తిరుగుతుంది. వెల్డింగ్ షాపువాడికి చూపించక తప్పదు కాబట్టి, రహస్యంగా ఉంచుతానని అతనితో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకోండి. నవ్వుతాడు, పెడతాడు.

చివరగా ట్రేడ్‌మార్క్ దరఖాస్తు వేసేటప్పుడు ఒక జాగ్రత్త. ఈమెయిల్, ఫోన్ నంబరు గడుల్లో ఏజెంటువి మాత్రమే పెట్టనివ్వకండి, మీవి కూడా ఉండాలి. అభ్యంతరాల నివేదిక వచ్చాక నెల రోజుల్లో జవాబివ్వాలి. ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో అచ్చయ్యాక నాలుగు నెలల వరకు ఎవరైనా వ్యతిరేకించవచ్చు. అట్లా వ్యతిరేకిస్తే ఆ నోటీసు అందిన రెండు నెలల్లో మీ జవాబు పోవాలి, ఈ గడువును పొడిగించరు. ఏజెంటు ఫోను ఎత్తక, నోటీసు వచ్చినట్టే తెలియక పేర్లు పోగొట్టుకున్నవాళ్లు నా దగ్గరకు వస్తూనే ఉంటారు. దరఖాస్తు నంబరు మీ దగ్గర ఉంచుకుని నెలకోసారి మీరే స్టేటస్ చూడండి. `Objected` అని కనబడితే భయపడకండి, చాలావాటికి వస్తుంది. `Opposed` అని కనబడితే ఆ రోజే ఎవరినైనా కలవండి. `Abandoned` అని పడ్డాక మళ్లీ 4,500 కట్టి కొత్తగా మొదలుపెట్టాల్సిందే, ఈలోపు అదే పేరు ఇంకెవరూ వేయకపోతే.